కొడవలి, బొట్టు, తునక: స్మియర్‌లో ఈ మూడు కణాలు కనబడితే ఎలా చదవాలి

డీఎంఎల్‌టీ పరీక్షల్లో, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుల పరీక్షల్లో ఒక ప్రశ్న ఏదో ఒక రూపంలో తగులుతూనే ఉంటుంది. ‘స్మియర్‌లో టార్గెట్ సెల్స్ కనిపించాయి, వ్యాధి ఏది?’ కింద నాలుగు ఆప్షన్లు. తలసీమియా దగ్గర టిక్ పెడితే మార్కు పడుతుంది. కానీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టిన స్లైడ్‌కి ఆప్షన్లు ఉండవు. అదే టార్గెట్ సెల్ కామెర్ల రోగిలోనూ ఉంటుంది, ప్లీహం తీసేసిన మనిషిలోనూ ఉంటుంది, వానాకాలంలో సరిగ్గా ఆరని స్లైడ్ మీద ఏ జబ్బూ లేని మనిషి రక్తంలోనూ ఉంటుంది.

అందుకే కణం ఆకారం చూసి వెంటనే జబ్బు పేరు చెప్పే అలవాటు మానుకోవాలని నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. ఆకారం గుర్తుపట్టడం సగం పనే. దాని పక్కన ఇంకేమున్నాయి, సెల్ కౌంటర్ ఇచ్చిన అంకెలు దానితో సరిపోతున్నాయా అనేవి మిగతా సగం. సికిల్ సెల్, టార్గెట్ సెల్, షిస్టోసైట్ అనే మూడింటినీ ఆ పద్ధతిలో ఎలా చదవాలో వరసగా చెబుతాను.

మొదట స్లైడ్‌ని నమ్మవచ్చా?

ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తంతో వీలైతే రెండు గంటల్లోపు స్మియర్ వేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఎర్రకణాల అంచులు ముడతలు పడతాయి, గుండ్రంగా ఉబ్బుతాయి. అప్పుడు ఆకారం గురించి ఏం రాసినా నిలబడదు. చిన్న చుక్క పెట్టి, స్ప్రెడర్ స్లైడ్‌ని 30 నుంచి 45 డిగ్రీల వాలులో పట్టుకుని, ఒక్క ఊపులో లాగాలి. ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. తప్పు జరిగేది ఆ తర్వాత, ఆరబెట్టే దగ్గర.

ఇది నా అనుభవంలోనే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక జులై నెలలో, వరసగా ఆరుగురి స్మియర్లలో ‘టార్గెట్ సెల్స్ ప్లస్’ అని రాశాను. ఆరోది ఒక రక్తదాతది. హిమోగ్లోబిన్ 15, ఎంసీవీ 88, అతనికి ఏ జబ్బూ లేదు. రిపోర్టు చూసిన పాథాలజిస్ట్ మేడం నన్ను పిలిచి, ‘ఆ ఆరు స్లైడ్లూ పట్టుకురా’ అన్నారు. ఒక్కొక్కటీ చూపించారు. ప్రతి స్లైడ్ మీదా టార్గెట్ సెల్స్ ఒక మూలే గుంపుగా ఉన్నాయి. నాలుగు ఫీల్డులు పక్కకు జరిపితే ఒక్కటీ లేదు. వాన తేమకు స్లైడ్లు నెమ్మదిగా ఆరాయి, ఆరడం చివరికి మిగిలిన చోట కణాల ఆకారం చెడింది. మిగతా ఐదుగురి రిపోర్టులు కూడా వెనక్కి తెప్పించి దిద్దాం. వాళ్లలో ఒకామెకు అప్పటికే తలసీమియా టెస్టు రాసేశారు. ఆ కుటుంబం రెండు రోజులు పడిన టెన్షన్ నా చేతి తప్పు వల్లే.

అప్పటి నుంచి మూడు జాగ్రత్తలు వదలలేదు. స్మియర్ వేయగానే చేత్తో ఊపో, చిన్న ఫ్యాన్ ముందు పెట్టో త్వరగా ఆరబెట్టాలి. మిథనాల్ సీసా మూత తెరిచి ఉంచకూడదు, ఎందుకంటే అది గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. నీరు కలిసిన మిథనాల్‌తో ఫిక్స్ చేస్తే ఎర్రకణాల నడుమ పంచ్ చేసినట్టు మెరిసే రంధ్రాలు పడతాయి. ఫోకస్ స్క్రూ కొంచెం అటూ ఇటూ తిప్పితే ఆ రంధ్రం అంచు తళుక్కుమంటుంది. నిజమైన కణంలోని తెల్లదనం అలా మెరవదు. లీష్మన్ స్టెయిన్ వాడేవాళ్లకు మిథనాల్ ఆ స్టెయిన్‌లోనే ఉంటుంది. రెండు నిమిషాలు స్టెయిన్ అలాగే ఉంచి, తర్వాత దానికి రెట్టింపు బఫర్, పీహెచ్ 6.8 ఉన్నది, కలిపి ఏడు నుంచి పది నిమిషాలు ఉంచితే చాలు. స్టెయిన్ సీసాకూ మూత జాగ్రత్త అంతే అవసరం.

మూడోది చూసే చోటు. స్మియర్ తల దగ్గర కణాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. తోక చివర్లో సాగిపోయి, నడుమ తెలుపు పోయి, బిళ్లల్లా కనబడతాయి. ఈ రెంటికీ మధ్య, కణాలు ఒకదానికొకటి ఆనీ ఆననట్టు ఉండే చోటే ఆకారం చూడాలి. ఆ చోటు దాటి చూసిన ఏ ఆకారాన్నీ రిపోర్టులో పెట్టకండి.

కొడవలి కణం: ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి

సికిల్ సెల్ చాలా ముదురుగా కనబడుతుంది. నడుమ తెలుపు ఉండదు, రెండు కొసలూ సన్నగా మొనదేలి ఉంటాయి, కొన్ని వంగి, కొన్ని నిటారుగా. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వ్యాలీన్ వచ్చి చేరడమే దీనికంతటికీ మూలం. ఆక్సిజన్ వదిలేసినప్పుడు హెచ్‌బీ ఎస్ అనే ఆ హిమోగ్లోబిన్ పోగులుగా గట్టిపడి, కణాన్ని లోపలి నుంచి సాగదీస్తుంది. ఇవి మొదటిసారి వైద్య పత్రికకు ఎక్కింది 1910లో. షికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు, గ్రెనడా దీవి నుంచి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి రక్తంలో చూసి రాశాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండల ఆదివాసీల్లో బయటపడింది.

దీనితో పొరపాటు పడేవి రెండు. ఒకటి, స్మియర్ లాగేటప్పుడు సాగిన మామూలు కణాలు. వాటి కొసలన్నీ ఒకే దిక్కుకు, గాలికి వంగిన వరి కంకుల్లా ఉంటాయి. నిజమైన సికిల్ కణాలు ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి. రెండోది, ఐరన్ లోపంలో కనిపించే పెన్సిల్ కణాలు. అవి పొడవుగానే ఉంటాయి గానీ పాలిపోయి ఉంటాయి. సికిల్ కణం ఎప్పుడూ పాలిపోయి ఉండదు. రంగు చూస్తే చాలు, రెండూ విడిపోతాయి.

ఇక వైవాలో తరచూ అడిగే ప్రశ్న. ‘సికిల్ సెల్ ట్రెయిట్ ఉన్న మనిషి స్మియర్ ఎలా ఉంటుంది?’ చాలామంది ‘కొన్ని సికిల్ కణాలు ఉంటాయి’ అంటారు. సరైన జవాబు: మామూలుగా ఉంటుంది. ట్రెయిట్‌లో ఒక జన్యువే మారింది, కణంలో మామూలు హిమోగ్లోబిన్ సగానికి పైగా ఉంటుంది కాబట్టి రక్తనాళంలో అది కొడవలిగా మారదు. కాబట్టి స్మియర్‌లో సికిల్ కణాలు లేవని చెప్పి ‘సికిల్ లేదు’ అని రాయకూడదు. స్మియర్‌లో నిజమైన సికిల్ కణాలు ఉన్నాయంటే మాత్రం అది ట్రెయిట్ కాదు, జబ్బే అని అనుమానించాలి. జబ్బు ఏ రకమన్నది తర్వాత తేలుతుంది.

ట్రెయిట్‌ని పట్టడానికే సికిల్లింగ్ టెస్టు, సాల్యుబిలిటీ టెస్టు ఉన్నాయి. సికిల్లింగ్ టెస్టులో ఒక చుక్క రక్తానికి తాజాగా కలిపిన 2 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ చుక్కలు వేసి, కవర్ స్లిప్ పెట్టి, అంచుల చుట్టూ వ్యాజలిన్‌తో మూస్తాం. అంటే లోపల ఆక్సిజన్ లేకుండా చేసి, కణాన్ని కొడవలిగా మారమని బలవంతపెడుతున్నాం. అరగంటకొకసారి చూసి, నెగెటివ్ అనిపిస్తే 24 గంటలదాకా ఉంచి మళ్లీ చూడాలి. నిన్న కలిపి మిగిలిన మెటాబైసల్ఫైట్‌తో చేస్తే పాజిటివ్ మనిషి కూడా నెగెటివ్‌గా వస్తాడు, అందుకే తెలిసిన పాజిటివ్ రక్తం ఒకటి పక్కన పెట్టి నడపడం తప్పనిసరి.

సాల్యుబిలిటీ టెస్టులో ట్యూబు వెనక ఉన్న గీతలు కనబడకపోతే పాజిటివ్. గ్రామాల్లో స్క్రీనింగ్‌కి ఇదే తేలిక. కానీ దీని హద్దులు గుర్తుంచుకోండి. ఇది ట్రెయిట్‌నీ జబ్బునీ విడదీయలేదు. ఆరు నెలలలోపు పసిపిల్లల్లో గర్భంలో తయారైన హెచ్‌బీ ఎఫ్ ఎక్కువ, హెచ్‌బీ ఎస్ తక్కువ కాబట్టి నెగెటివ్ రావచ్చు. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉన్నవాళ్లలో పరీక్షకు తీసుకునే రక్తం పరిమాణం పెంచకపోతే పాజిటివ్ తప్పిపోతుంది. ఈమధ్యే వేరేవాళ్ల రక్తం ఎక్కించుకుని ఉంటే కూడా అంతే. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పాడేరు, ఆదిలాబాద్ వైపు ఏజెన్సీ ఊళ్లలో పని చేసే టెక్నీషియన్లకు ఈ హద్దులు రోజూ ఎదురవుతాయి. పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేసి నిర్ధారించాకే కుటుంబానికి ‘జబ్బు’ అనే మాట చెప్పాలి.

టార్గెట్ కణం: బొట్టు పెట్టినట్టు

మామూలు ఎర్రకణంలో నడుమ తెలుపు, చుట్టూ ఎరుపు. టార్గెట్ సెల్‌లో ఆ తెలుపు మధ్యలో మళ్లీ ఎర్రటి చుక్క, నుదుట బొట్టులా. ఇది ఎందుకు వస్తుందో అర్థమైతే కారణాల జాబితా బట్టీ పట్టే పని లేదు. కణం పైపొర ఎక్కువై, లోపలి సరుకు తక్కువైతే, వదులుగా ఉన్న సంచి నడుమ ముడత లేచినట్టు లేస్తుంది. స్లైడ్ మీద చదునుగా పడ్డప్పుడు ఆ ముడతే బొట్టు.

అలా రెండు దారుల్లో జరుగుతుంది. లోపలి హిమోగ్లోబిన్ తగ్గడం ఒక దారి. తలసీమియా, హెచ్‌బీ ఇ, కొద్దిగా ఐరన్ లోపం ఈ దారివి. వీటిలో ఎంసీవీ తక్కువగా ఉంటుంది. పైపొర పెరగడం రెండో దారి. పిత్తం అడ్డుపడ్డ కాలేయ జబ్బుల్లో రక్తంలోని కొలెస్టరాల్, లెసిథిన్ వచ్చి కణం పొరలో చేరతాయి. పొరలోని అదనపు భాగాన్ని కత్తిరించే ప్లీహం లేకపోయినా అదే జరుగుతుంది. వీటిలో ఎంసీవీ మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది.

కాబట్టి ప్రశ్నలో టార్గెట్ సెల్స్ అన్న మాట కనబడగానే కన్ను ఎంసీవీ మీదికి పోవాలి. ఎంసీవీ 64, ఆర్‌బీసీ కౌంట్ 60 లక్షలు అని ఉంటే తలసీమియా ట్రెయిట్ వైపు. ఎంసీవీ 98, బిలిరుబిన్ 9 అని ఉంటే కాలేయం వైపు. ఎంసీవీ మామూలుగా ఉండి, కణాల్లో హోవెల్ జాలీ చుక్కలు కూడా ఉంటే ప్లీహం లేనట్టు, లేదా పని చేయనట్టు. హోవెల్ జాలీ చుక్క గుండ్రంగా, ముదురు ఊదా రంగులో, సాధారణంగా కణానికి ఒక్కటే ఉంటుంది. ఎర్రకణం మీద వాలిన ప్లేట్‌లెట్‌ని చూసి అదే అనుకునే ప్రమాదం ఉంది. ప్లేట్‌లెట్ చుట్టూ సన్నటి తెల్లని వలయం ఉంటుంది, లోపల రేణువులు కనబడతాయి.

ఐరన్ లోపమా, తలసీమియా ట్రెయిటా అన్న సందేహంలో ఎంసీవీని ఆర్‌బీసీ కౌంటుతో భాగించే మెంట్జర్ లెక్క చాలామందికి తెలుసు. పదమూడు కంటే తక్కువైతే తలసీమియా వైపు మొగ్గు. మొగ్గు అంటున్నాను, తీర్పు అనడం లేదు. రెండూ కలిసి ఉన్న మనుషులు మన దగ్గర తక్కువేం కాదు. హెచ్‌బీ ఏ2 3.5 శాతం దాటితే బీటా తలసీమియా ట్రెయిట్ అంటాం, కానీ తీవ్రమైన ఐరన్ లోపం ఆ ఏ2ని కాస్త కిందికి లాగుతుంది. ఏ2 హద్దు మీద ఉంటే ఐరన్ సరిచేశాక మళ్లీ చేయమని సూచించడం న్యాయం.

ఒకే స్లైడ్ మీద రెండూ: ఒక కేసు

ఇప్పుడు కొడవలి, బొట్టు రెండూ కలిసిన కేసు చూద్దాం. నేర్పడానికి నేను అమర్చుకున్న కేసు ఇది, కానీ ఇలాంటి రిపోర్టులు మీ బల్ల మీదికి వస్తాయి.

ఏజెన్సీ ఊరి కుర్రాడు, 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ ఎముకల నొప్పులు, కళ్లు కాస్త పచ్చన, ప్లీహం చేతికి తగులుతోంది. హిమోగ్లోబిన్ 8.4, ఆర్‌బీసీ 42 లక్షలు, ఎంసీవీ 65, తెల్లకణాలు 13,000, ప్లేట్‌లెట్లు 3.1 లక్షలు. స్మియర్‌లో అక్కడక్కడా సికిల్ కణాలు, ఎక్కువగా టార్గెట్ కణాలు, పాలిపోయిన చిన్న కణాలు, వంద తెల్లకణాలకు 12 చొప్పున న్యూక్లియస్ ఉన్న ఎర్రకణాలు.

మొదటి పని ఆ తెల్లకణాల అంకె దిద్దడం. న్యూక్లియస్ ఉన్న ఎర్రకణాలను విడదీయలేని సెల్ కౌంటర్ వాటినీ తెల్లకణాలుగానే లెక్కపెడుతుంది. 13,000ని వందతో గుణించి 112తో భాగిస్తే 11,600 వస్తుంది. రిపోర్టులో అదే పోవాలి. మీ మెషిన్ తనే దిద్దుకునే రకమైతే మళ్లీ దిద్దకండి.

తర్వాత ఆలోచన. సికిల్ కణాలున్నాయి కాబట్టి ట్రెయిట్ కాదు. ఇక్కడే చాలామంది ‘సికిల్ సెల్ అనీమియా, ఎస్ఎస్’ అని రాసి ముగిస్తారు. ఆగండి. రెండు జన్యువులూ ఎస్ అయిన మనిషిలో ఎంసీవీ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ఈ అబ్బాయిది 65. ఏదో ఒకటి కణాన్ని చిన్నది చేస్తోంది. తల్లి నుంచి ఎస్, తండ్రి నుంచి బీటా తలసీమియా, లేదా అటూ ఇటూ మారి వచ్చి ఉండవచ్చు. ఎస్ఎస్‌తో పాటు ఆల్ఫా తలసీమియానో ఐరన్ లోపమో ఉన్నా ఎంసీవీ తగ్గుతుంది. స్మియర్ ఈ మూడింటినీ విడదీయలేదు.

హెచ్‌పీఎల్‌సీ గ్రాఫు వచ్చింది. ఎస్ 70 శాతం, ఎఫ్ 18, ఏ2 5.4, ఏ 4. ఏ2 ఎక్కువ కాబట్టి తలసీమియా అని దూకకూడదు. హెచ్‌బీ ఎస్ ఉన్న రక్తంలో ఎస్ తాలూకు కొన్ని మార్పు చెందిన తునకలు ఏ2 కిటికీలోనే బయటికి వస్తాయి, అంకె ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తాయి. ఆ 4 శాతం ఏ కూడా అనుమానమే. మూడు నెలల్లోపు రక్తం ఎక్కించి ఉంటే దాత హిమోగ్లోబిన్ అలాగే చిన్న శిఖరంలా కనబడుతుంది. అందుకే కేస్‌షీట్ చూడటంతో ఆగక, అబ్బాయినే అడగాలి: ‘ఈమధ్య రక్తం ఎక్కించారా తమ్ముడూ?’ ఈ కేసులో ఎప్పుడూ ఎక్కించలేదు.

ముడి విప్పేది తల్లిదండ్రుల రక్తం. తల్లి స్మియర్ మామూలుగా ఉంది, ఎంసీవీ 82, సికిల్లింగ్ పాజిటివ్, హెచ్‌పీఎల్‌సీలో ఎస్ 36 శాతం. ఆమెది ట్రెయిట్. తండ్రికి సికిల్లింగ్ నెగెటివ్. హిమోగ్లోబిన్ 12.6, ఆర్‌బీసీ 60 లక్షలు, ఎంసీవీ 66, స్మియర్‌లో టార్గెట్ కణాలు, ఏ2 5.3. 66ని 6తో భాగిస్తే 11. ఆయనది బీటా తలసీమియా ట్రెయిట్. ఇద్దరూ ఆరోగ్యంగానే తిరుగుతున్నారు. అబ్బాయికి ఒకరి నుంచి కొడవలి, ఇంకొకరి నుంచి బొట్టు వచ్చాయి. సికిల్ బీటా తలసీమియా.

ఈ తేడా వల్ల రోగికి ఒరిగేదేమిటని ఒక అమ్మాయి క్లాసులో అడిగింది. మంచి ప్రశ్న. ఎస్ఎస్ అని రాసి ఉంటే, రెండో కాన్పుకు ముందు తండ్రిని కూడా సికిల్ ట్రెయిట్ అనుకుని సాల్యుబిలిటీ టెస్టు చేసేవారు, నెగెటివ్ వచ్చేది, ‘భయం లేదు’ అని పంపేవారు. నిజానికి ఈ జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఇదే జబ్బు బిడ్డ పుట్టే అవకాశం ఉంది. తండ్రి రక్తంలోని టార్గెట్ కణాలను చూడని సాల్యుబిలిటీ టెస్టు ఆ అవకాశాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు.

తునక కణం: ఇది కనబడితే కుర్చీలోంచి లేవాలి

పై రెండూ ఏళ్ల తరబడి ఉండే జబ్బులు, రిపోర్టు రేపు ఇచ్చినా నడుస్తుంది. షిస్టోసైట్ అలా కాదు. చిన్న రక్తనాళాల్లో ఫైబ్రిన్ పోగులో, ప్లేట్‌లెట్ గడ్డలో అడ్డుపడి, ప్రవాహం తోసేసరికి ఎర్రకణం తెగి, తెగిన చోట పొర మళ్లీ అతుక్కుంటే మిగిలేది ఈ తునక. అంటే ఈ క్షణంలో శరీరంలో నాళాలు మూసుకుపోతూ ఉండవచ్చు.

షిస్టోసైట్ ఎప్పుడూ మామూలు కణం కంటే చిన్నదే. ఒక పక్క కత్తితో కోసినట్టు నిటారు అంచు, రెండు కోణాలుంటే హెల్మెట్ కణం. మూడు మొనలుంటే త్రికోణం. కొరికినట్టు ఖాళీ, దాని రెండు పక్కలా కొమ్ములుంటే కెరాటోసైట్. చిన్న గుండ్రటి మైక్రోస్ఫీరోసైట్‌ని మాత్రం పై మూడు రకాలు కూడా ఉన్నప్పుడే లెక్కలో వేయాలి. అంచు కోసినట్టు లేకుండా, కేవలం వంకరగా ఉన్న కణాన్ని ‘ఏదో తునకలాగుంది’ అని కలపకండి.

లెక్కపెట్టే పద్ధతి 2012లో అంతర్జాతీయ హిమటాలజీ ప్రామాణిక మండలి స్పష్టంగా చెప్పింది. మంచి చోట కనీసం వెయ్యి ఎర్రకణాలు చూసి, వాటిలో తునకలు ఎన్నో శాతంగా రాయాలి. స్మియర్‌లో తునకలే ప్రధాన లోపంగా ఉండి, ఒక శాతం దాటితే థ్రాంబోటిక్ మైక్రోయాంజియోపతి, అంటే చిన్న నాళాలు గడ్డలతో మూసుకుపోయే జబ్బు, అనుమానం బలపడుతుంది. ‘ప్రధాన లోపంగా’ అన్న మాట ముఖ్యం. తలసీమియా మేజర్‌లో, తీవ్రమైన బీ12 లోపంలో కూడా కణాలు విరుగుతాయి, కానీ అక్కడ అన్ని రకాల ఆకారాలూ కలగలిసి ఉంటాయి. అక్కడ ఈ ఒక శాతం హద్దు పనికిరాదు.

బీ12 సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఈ లోపం తరచూ కనబడుతుంది. హిమోగ్లోబిన్ పడిపోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, ఎల్‌డీహెచ్ విపరీతంగా పెరుగుతుంది, తునకలూ కనబడతాయి. అచ్చం ఆ జబ్బుల్లో ఒకటైన టీటీపీలా ఉంటుంది. తేడా చూపేవి పక్కనున్న కణాలే. పెద్ద గుడ్డు ఆకారపు ఎర్రకణాలు, ఆరేడు తమ్మెలున్న న్యూట్రోఫిల్స్ ఉంటే బీ12 వైపు. రెటిక్యులోసైట్ కౌంట్ దాన్ని ఖాయం చేస్తుంది. టీటీపీలో మజ్జ కణాలను తరుముకొస్తుంది, రెటిక్ పెరుగుతుంది. బీ12 లోపంలో తయారీయే నిలిచింది, రెటిక్ తక్కువ.

రాత్రి డ్యూటీలో వచ్చే శాంపిల్ ఒకటి ఊహించండి. 34 ఏళ్ల మహిళ, జ్వరం, తలనొప్పి, మాట తడబడుతోంది. డెంగీ అనుకుని ప్లేట్‌లెట్ కౌంట్ కోసం పంపారు. హిమోగ్లోబిన్ 7.6, ప్లేట్‌లెట్లు 38,000. డెంగీ సీజన్లో ఆ 38,000 ఎవరినీ ఆశ్చర్యపరచదు, అలాగే రిపోర్టు వెళ్లిపోతుంది. కానీ డెంగీలో ప్లాస్మా కారిపోయి రక్తం చిక్కబడుతుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది. రక్తస్రావం ఏదీ లేకుండా 7.6 ఉండటం లెక్కకు అందదు. స్మియర్ వేయడానికి ఆ ఒక్క కారణం చాలు.

స్లైడ్ మీద వెయ్యి కణాలకు 23 తునకలు, అంటే 2.3 శాతం. ప్లేట్‌లెట్లు నూనె లెన్సు ఫీల్డుకు సగటున ఒకటి. దాన్ని 15,000తో గుణిస్తే సుమారు 15,000. మెషిన్ 38,000 ఎందుకు అంది? చిన్న ఎర్రకణ తునకలు ప్లేట్‌లెట్ల సైజులో ఉంటాయి, సైజుని బట్టి లెక్కపెట్టే మెషిన్ వాటినీ కలిపేసింది. హిస్టోగ్రామ్‌లో ప్లేట్‌లెట్ గీత కుడి చివర కిందికి దిగకుండా పైనే ఉండిపోతే ఇలాంటిదే జరిగిందని అర్థం.

తర్వాత ఏ పరీక్ష ఏం చెబుతుందో ఇదే కేసుతో నేర్చుకోవచ్చు. పీటీ, ఏపీటీటీ మామూలుగా ఉంటే టీటీపీ వైపు. అవి పొడుగై, ఫైబ్రినోజెన్ తగ్గితే డీఐసీ వైపు. విరేచనాల తర్వాత చిన్నపిల్లల్లో, క్రియాటినిన్ బాగా పెరిగి ఉంటే హెచ్‌యూఎస్. నిండు గర్భిణికి బీపీ, లివర్ ఎంజైములు పెరిగి ఉంటే హెల్ప్ సిండ్రోమ్. గుండెలో మెటల్ వాల్వు ఉన్న మనిషిలో తునకలుండి ప్లేట్‌లెట్లు మామూలుగా ఉంటే, కణాలు వాల్వు దగ్గర తెగుతున్నట్టు. మన పల్లెల్లో ఇంకొకటి మరవకూడదు: రక్తపింజరి కాటు. విషం వల్ల గడ్డకట్టే గుణం పోవడమే కాక, కొందరిలో యాంటీవెనమ్ ఇచ్చాక కూడా తునకలు, ప్లేట్‌లెట్ల తగ్గుదల, కిడ్నీ దెబ్బ కలిసి వస్తాయి. పాము కరిచిన రోగికి మూత్రం తగ్గిందని తెలిస్తే ఎవరూ అడగకపోయినా స్మియర్ చూడండి.

ఒక హద్దు కూడా చెప్పాలి. టీటీపీ మొదటి రోజున తునకలు చాలా తక్కువగా ఉండవచ్చు. ‘షిస్టోసైట్లు లేవు’ అన్న మీ మాట ఆ జబ్బుని కొట్టిపారేయదు. అనుమానం ఉంటే మరుసటి రోజు కొత్త శాంపిల్‌తో మళ్లీ చూడాలి.

ఆ 34 ఏళ్ల మహిళ స్లైడ్ దగ్గరికి వద్దాం. రిపోర్టులో ‘టీటీపీ’ అని రాయడం మన పని కాదు. రాయాల్సింది ఇది: ‘షిస్టోసైట్లు 2.3 శాతం, వెయ్యి ఎర్రకణాల్లో లెక్కించినవి. హెల్మెట్, త్రికోణ రూపాలు ప్రధానం. పాలిక్రొమేసియా ఉంది. ప్లేట్‌లెట్లు స్మియర్ మీద సుమారు 15,000, మెషిన్ అంకె నమ్మదగింది కాదు. మైక్రోయాంజియోపతిక్ హీమోలిటిక్ అనీమియాకు అనుగుణంగా ఉంది.’ అది టైప్ చేయకముందే ఫోన్ తీయాలి. ముందు పాథాలజిస్ట్‌కి, వెంటనే వార్డులో డ్యూటీ డాక్టరుకి. ‘సార్, ఈ పేషెంటుకు తునకలున్నాయి. ప్లేట్‌లెట్లు ఎక్కించే ముందు ఒకసారి స్మియర్ సంగతి చూడండి. ప్లాస్మా మొదలుపెట్టే ముందే నీలం మూత ట్యూబులో ఒక శాంపిల్ తీసి పెట్టండి’ అని చెప్పాలి. ఆ శాంపిల్ టీటీపీలో తగ్గిపోయే ఆడమ్‌టీఎస్13 అనే ఎంజైము పరీక్షకు. ప్లాస్మా ఎక్కించాక తీస్తే దాత ఎంజైమే అందులో కనబడి, పది శాతం కంటే తక్కువ ఉండాల్సిన అంకె మామూలుగా వచ్చేస్తుంది. ఫోన్ ఎత్తిన వాళ్ల పేరు, టైము రిజిస్టర్లో రాసుకుని, స్లైడ్‌ని విడిగా పెట్టి, దాని మీద పెన్సిల్‌తో తేదీ వేయండి. రేపటి స్లైడ్‌ని దీని పక్కన పెట్టి చూడాల్సి వస్తుంది.